‘నమస్తే... చిన్న హెల్ప్ కావాలండి’ అన్నవాళ్లని ముందు ఏం అడగాలి?

ప్రశ్న: గుంటూరులో ఒక ప్రైవేట్ ట్రావెల్స్ ఆఫీసులో వాట్సాప్ మెసేజీలు చూసే పనిలో కొత్తగా చేరాను. చాలామంది ‘నమస్తే’ అని ఒక మెసేజ్, ‘హెల్ప్ కావాలి’ అని ఇంకో మెసేజ్ పెట్టి ఆగిపోతారు. పీఎన్ఆర్ పంపమంటే సగం మంది మళ్లీ మాట్లాడరు. ‘ఏం హెల్ప్?’ అంటే కోపగించుకుంటున్నారు. మొదటి ప్రశ్న ఏది వేయాలి?

జవాబు: సాయంత్రం ఆరు దాటాక అయితే ‘బస్సు ఎక్కేవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారండి?’ అని అడగండి. పగటిపూట అయితే ‘ప్రయాణం అయిపోయిందా, ఇంకా ఉందా అండి?’ అని అడగండి. పీఎన్ఆర్ రెండోదో మూడోదో కావాలి గానీ మొదటిది కాకూడదు. నేను విజయవాడలో ఇలాంటి డెస్క్ మీదే పద్నాలుగేళ్లు కూర్చున్నాను. మొదటి మూడేళ్లు నేనూ మీలాగే పీఎన్ఆర్‌తోనే మొదలుపెట్టేవాణ్ని. ఎందుకు మానేశానో చెప్తాను.

ముందు ఆ రెండు మెసేజీల సంగతి. ‘నమస్తే’ అని ఆగడం, ‘హెల్ప్ కావాలి’ అని ఆగడం మనకి విసుగ్గానే ఉంటుంది. నేరుగా విషయం రాయొచ్చుగా అనిపిస్తుంది. కానీ అవతలివాళ్లు అడుగుతున్నది వేరే. ఈ నంబరు దగ్గర మనిషి ఉన్నాడా, లేక మెషీన్ జవాబులేనా అని చూసుకుంటున్నారు. మన ఊళ్లో ఎవరింటికైనా వెళ్తే గేటు దగ్గర ‘ఏవండీ’ అని పిలిచి ఆగుతాం కదా, అదే ఇది. లోపలినుంచి ‘రండి’ అని వినపడితే గానీ అడుగు వేయరు. అందుకని మీ మొదటి మెసేజ్‌లో ‘ఉన్నానండి, చెప్పండి’ అన్న మాట ఉండాలి, దాని వెనకే ప్రశ్న కూడా ఉండాలి. రెండూ ఒకే మెసేజ్‌లో. ‘నమస్తే అండి’ అని మీరూ పెట్టి ఆగిపోతే ఇద్దరూ గేటు దగ్గరే నిలబడ్డట్టు.

‘ఏం హెల్ప్ కావాలి?’ అన్నది రాతలో ఎంత మర్యాదగా పెట్టినా కసురుకున్నట్టే చదువుతారు. దానికన్నా పెద్ద తంటా ఏంటంటే, ఆ ప్రశ్నకి వచ్చే జవాబు మూడు నిమిషాల వాయిస్ మెసేజ్. అందులో మొదటి నిమిషం టికెట్ ఎలా బుక్ చేశారో, ఎవరు డబ్బు కట్టారో ఉంటుంది. మీకు కావలసింది చివర్లో ఎక్కడో ఉంటుంది.

పీఎన్ఆర్ సంగతి చూద్దాం. మనకి అది సులువు. కంప్యూటర్లో కొడితే అన్నీ వచ్చేస్తాయి. కానీ రోడ్డు మీద, చేతిలో బ్యాగుతో, చీకట్లో నిలబడ్డ మనిషి ఆ నంబరు కోసం వాట్సాప్ మూసి, ఎస్ఎంఎస్‌లు తెరిచి, బ్యాంకు మెసేజీల మధ్య వెతకాలి. కొంతమందికి టికెట్ ఈమెయిల్‌కి వచ్చి ఉంటుంది. కొంతమందికి వేరేవాళ్లు బుక్ చేసి ‘సీటు ఎల్ 7’ అని మాత్రం చెప్పి ఉంటారు. వాళ్లు మీకు జవాబివ్వకపోవడానికి కారణం కోపం కాదు, నంబరు దొరక్కపోవడం. ఈలోగా వాళ్ల బస్సు వెళ్లిపోతుంది.

నేను మొదటి ప్రశ్నని ఒక్క లెక్కతోనే ఎంచుకుంటాను. ఈ ప్రశ్నకి జవాబొచ్చి, ఆ తర్వాత అవతలి ఫోన్ చార్జింగ్ అయిపోతే, వచ్చిన ఆ ఒక్క జవాబుతో నేను ఏమైనా చేయగలనా? పీఎన్ఆర్ ఒక్కటే వస్తే ఏ బస్సో తెలుస్తుంది గానీ, మనిషి ఎక్కడ చిక్కుకున్నాడో తెలియదు. ‘ఆటోనగర్ గేటు దగ్గర’ అని ఒక్క మాట వస్తే, ఆ గంటలో అటు వెళ్లే బస్సులు మనవి రెండో మూడో ఉంటాయి, ఆ డ్రైవర్లకి ఫోన్ చేసి చెప్పొచ్చు. అంబులెన్సు కోసం, పోలీసు కోసం వచ్చే కాల్స్ తీసుకునేవాళ్లకి చాలా దేశాల్లో ఇచ్చే శిక్షణలోనూ చోటు తెలుసుకోవడమే ముందుంటుంది. లైను తెగిపోయినా బండి పంపాలంటే చోటు తెలియాలి. మన పని అంత ప్రాణాపాయమేం కాదు గానీ లెక్క మాత్రం అదే.

ఇంకో సంగతి. ‘ఎక్కేవాళ్లు ఎక్కడున్నారు?’ అన్న ప్రశ్న చోటు ఒక్కటే చెప్పదు. ‘ఇంకా ఇంట్లోనే ఉన్నామండి’ అంటే తొందర లేదు, బహుశా పికప్ మార్చమనో క్యాన్సిల్ చేయమనో అడుగుతారు. ‘బెంజ్ సర్కిల్లో’ అంటే బస్సు దొరకట్లేదు, లేదా లేటయింది. ‘బస్సులోనే ఉన్నాం’ అంటే ఏసీయో, సీటు గొడవో. ‘అయ్యో, బస్సు రేపండి’ అంటే మీరు హాయిగా ముందు ఇంకొకళ్లకి జవాబివ్వొచ్చు. నాలుగు దారులూ ఒక్క మాటతో విడిపోయాయి. పైగా ఆ జవాబు చెప్పడానికి వాళ్లు ఏదీ వెతకక్కర్లేదు.

‘అర్జెంటా అండి?’ అని కూడా కొన్నాళ్లు అడిగి చూశాను. పనికిరాదు. నెల క్రితం రీఫండ్ గురించి అడిగేవాళ్లూ అర్జెంటే అంటారు. రోడ్డు మీద నిలబడ్డ పెద్దాయన మాత్రం మొహమాటానికి ‘పర్లేదు బాబూ, చిన్న పనే’ అంటాడు.

ఇక ‘ఎక్కేవాళ్లు’ అన్న మాట. దాన్ని వదిలేయకండి. నా చేతిలో ఒక టికెట్ పోయింది దాని వల్లే.

ఒక రాత్రి 10:05కి ‘నమస్తే’, 10:06కి ‘హెల్ప్ కావాలి సార్’ అని వచ్చింది. నేను అలవాటుగా పీఎన్ఆర్ పంపమన్నాను. నాలుగు నిమిషాలకి స్క్రీన్‌షాట్ వచ్చింది, పై సగం కోసుకుపోయింది. సీటు నంబరూ టికెట్ రేటూ కనపడుతున్నాయి, పీఎన్ఆర్ లేదు. ‘సమస్య ఏంటండి?’ అన్నాను. ‘బస్సు కనపడట్లేదు’ అన్నాడు. అప్పుడు ‘ఎక్కడున్నారు?’ అని అడిగాను. ‘మారతహళ్లి’ అన్నాడు.

మారతహళ్లి బెంగళూరులో. నేను వెంటనే బెంగళూరు నుంచి వచ్చే బస్సుల షీటు తెరిచి, అక్కడి పికప్ కుర్రాడికి ఫోన్ చేసి, ఆ పేరుతో ఎవరూ లేరని తెలుసుకునేసరికి 10:19. అప్పుడు బయటపడింది. అతను బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు. టికెట్ వాళ్లమ్మగారికి. ఆవిడ విజయవాడలో బెంజ్ సర్కిల్ దగ్గర హైదరాబాద్ బస్సు కోసం నిలబడి కొడుక్కి ఫోన్ చేస్తే, కొడుకు మాకు మెసేజ్ పెట్టాడు. పికప్ టైము 10:20. ఆవిడ నంబరు తీసుకుని ఫోన్ చేస్తే రెండుసార్లు బిజీ. కొడుకుతోనే మాట్లాడుతున్నారు మరి. దొరికేసరికి 10:26. ఆవిడ ఫ్లైఓవర్‌కి ఒక పక్క నిలబడ్డారు, బస్సు రెండో పక్క ఆగి, ఐదు నిమిషాలు చూసి కదిలిపోయింది. మర్నాడు హైదరాబాదులో కూతురి సీమంతం. ఆవిడని పొద్దున్న మొదటి బస్సులో పంపాం, డబ్బు కూడా వెనక్కి ఇచ్చాం. సీమంతానికి మధ్యాహ్నం భోజనాల వేళకి చేరారట.

తప్పు ఎక్కడుందో చూడండి. తెలుగులో ‘ఎక్కడున్నారు?’ అంటే ‘మీరు’ అనక్కర్లేదు, అన్నట్టే. మెసేజ్ పెట్టిన మనిషే ప్రయాణం చేసే మనిషి అని నేను అనుకున్నాను, నేను ఎవరి గురించి అడుగుతున్నానో అర్థమయ్యే వీలు అతనికీ లేదు. అడిగినదానికి నిజాయితీగా చెప్పాడు. మన రూట్లలో పిల్లలు దూరంగా కూర్చుని అమ్మానాన్నలకి బుక్ చేయడం ఎంత మామూలో మీకు చెప్పక్కర్లేదు.

అదే రాత్రి సరైన ప్రశ్న వేసి ఉంటే ఎలా నడిచేదో రాస్తాను. 10:06కి ‘ఉన్నానండి, చెప్పండి. బస్సు ఎక్కేవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు?’ అంటే, ‘అమ్మ బెంజ్ సర్కిల్లో ఉంది’ అని 10:07కి వచ్చేది. ‘అమ్మగారి నంబరు పంపి, మీరు ఫోన్ పెట్టేయండి, నేను చేస్తాను’ అనేవాణ్ని. ఆ ‘పెట్టేయండి’ ముఖ్యం, లేకపోతే బిజీ వస్తుంది. 10:09కి ఆవిడతో మాట్లాడుతూ ‘మీకు ఎదురుగా ఏ బోర్డు కనపడుతోందమ్మా?’ అని అడిగితే ఏ పక్క ఉన్నారో తేలిపోయేది. రోడ్డు దాటడానికి ఐదు నిమిషాలు వేసుకున్నా 10:15 లోపు బస్సు ఆగే పక్కన ఉండేవారు. అప్పటిదాకా పీఎన్ఆర్ అవసరమే రాలేదు, గమనించారా?

ఒకవేళ బస్సు అప్పటికే కదిలిపోయినా, చోటు ముందే తెలిస్తే దారి ఉంటుంది. హైదరాబాద్ వైపు బస్సయితే తర్వాత భవానీపురం, గొల్లపూడి దగ్గర పట్టుకోవచ్చేమో చూస్తాం. చెన్నై, బెంగళూరు వైపయితే వారధి, అది దాటితే మీ వైపు మంగళగిరి, కాజ టోల్‌ప్లాజా. కాబట్టి రెండో ప్రశ్న ‘ఏ ఊరికి?’. ఈ రెండూ తెలిస్తే డ్రైవర్‌కి ఏం చెప్పాలో, ప్యాసింజర్‌ని ఆటో ఎటు ఎక్కమనాలో మీకు తెలిసిపోతుంది.

ఈ ప్రశ్న పట్టుకోలేని చిక్కు ఒకటుంది. అర్ధరాత్రి బస్సులు. టికెట్ మీద 15వ తేదీ 12:15 AM అని ఉంటుంది. అంటే 14వ తేదీ రాత్రి భోంచేసి బయల్దేరాలి. మనవాళ్లు 15వ తేదీ రాత్రి పదకొండున్నరకి వచ్చి నిలబడతారు. బస్సు నిన్ననే వెళ్లిపోయింది. విశాఖ వైపు నుంచి వచ్చి విజయవాడ దాటే బస్సులకి ఇది ఎక్కువ, ఎందుకంటే అవి ఇక్కడికి వచ్చేసరికి తేదీ మారిపోతుంది. వీళ్లని ‘ఎక్కడున్నారు?’ అంటే ‘రామవరప్పాడు రింగ్‌లో’ అంటారు. ‘బస్సు ఈరోజేనా?’ అంటే గట్టిగా అవునంటారు, ఎందుకంటే తేదీ 15 అనే ఉంది కదా. నేనూ డ్రైవర్లకి ఫోన్లు చేసి చేసి, చివరికి చార్టులో ఆ పేరే లేదని తెలుసుకున్న రోజులున్నాయి. అందుకని పన్నెండుకి అటూ ఇటూ గంటన్నరలో ఎవరైనా బస్సు రాలేదంటే, చోటు తర్వాత ‘టికెట్ మీద తేదీ, టైము ఎలా ఉంటే అలా చదవండి’ అనండి. ‘ఏ రోజు?’ అని అడిగితే వాళ్లు మనసులో ఉన్న రోజు చెప్తారు. ‘చదవండి’ అంటేనే టికెట్ మీద ఉన్నది చెప్తారు.

పగటిపూట సంగతి ఇంత ఊపిరాడనిది కాదు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా వచ్చే ‘హెల్ప్ కావాలి’లో ఎక్కువభాగం క్యాన్సిలేషన్, రీఫండ్, బస్సులో మర్చిపోయిన సామాను. ‘ప్రయాణం అయిపోయిందా, ఇంకా ఉందా?’ అంటే అవి రెండుగా చీలిపోతాయి. ఇంకా ఉంది అంటే వెంటనే ఎన్ని గంటల్లో అని చూడాలి, ఎందుకంటే బయల్దేరే టైము దగ్గరపడేకొద్దీ వెనక్కి వచ్చే డబ్బు తగ్గిపోతుంది. వాళ్లు మీతో మాట్లాడుతుండగానే ఒక మెట్టు దాటిపోతే ఆ గొడవ మీ మెడకే చుట్టుకుంటుంది. అయిపోయింది అంటే, అది ఈ పొద్దున దిగిన బస్సా, పాతదా అని అడగండి. పొద్దున దిగినదయితే సామాను కావచ్చు. బస్సు కడగడానికి షెడ్డుకి వెళ్లేలోపు క్లీనర్‌కి ఫోన్ చేస్తే చార్జర్లూ కళ్లజోళ్లూ దొరుకుతాయి. ఆ తర్వాత దొరకడం కష్టం. పాతదయితే రీఫండే, నిదానంగా చూడొచ్చు. ఇక్కడ పీఎన్ఆర్ అడిగితే తప్పులేదు, ఇంట్లో కూర్చుని వెతుక్కుంటారు.

వచ్చిన నంబరుని సిస్టంలో కొట్టి చూసి, ‘రాత్రి పదిన్నర బెంగళూరు బస్సు గురించేనా అండి?’ అని ఊహించి అడగడం మీకు ఎవరో ఒకరు నేర్పుతారు. చూడటానికి చాలా తెలివిగా ఉంటుంది. రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, మనవాళ్లు మొహమాటానికి ‘ఆఁ, అవునండి’ అనేస్తారు. ఒకాయన అలా అవునని, నేను ఆ బస్సు వివరాలన్నీ పంపాక, ‘అది కాదండి, పోయిన నెల డబ్బులు రాలేదు’ అన్నాడు. ఆ బస్సు టికెట్ కూడా ఆయనదే, అందుకే అవునన్నాడు. రెండోది నిజంగా ప్రమాదం. మెసేజ్ పెట్టినవాళ్లు ఎవరో మీకు తెలియదు. ఒక అమ్మాయి ఏ బస్సులో, ఏ సీట్లో, ఎన్నింటికి ఎక్కడ ఎక్కుతోందో మీరే చెప్పేస్తే ఆ సమాచారం ఎవరి చేతిలో పడుతుందో! బుకింగ్ మీద ఉన్న నంబరు నుంచి కాకుండా వేరే నంబరు నుంచి మెసేజ్ వస్తే పేరు, ఊరు, టైము వాళ్లనే చెప్పమనండి. మీరు పోల్చుకోండి, మీరుగా బయటపెట్టకండి. ఓటీపీ మాత్రం ఎప్పుడూ, ఎవరినీ అడగకండి. అడిగితే మిమ్మల్ని మోసగాళ్లనుకుంటారు, అనుకోవడం కరెక్టే.

మీరు వాడేది వాట్సాప్ బిజినెస్ అయితే ఒక చిన్న పని చేయండి. అందులో కొత్తగా మెసేజ్ పెట్టినవాళ్లకీ, పద్నాలుగు రోజులుగా మాట్లాడనివాళ్లకీ దానంతటదే వెళ్లే పలకరింపు మెసేజ్ ఉంటుంది. చాలా ఆఫీసుల్లో అందులో ‘మా ట్రావెల్స్‌కి స్వాగతం, మీ సేవలో మేము’ అని రాసి వదిలేస్తారు. అది చదివిన మనిషి ఇంకోసారి ‘హెల్ప్ కావాలి’ అని పెడతాడు, ఒక నిమిషం వృథా. ఆ స్వాగతం తీసేసి మీ మొదటి ప్రశ్ననే అందులో పెట్టండి. పగలు ఒకటి, సాయంత్రం ఆరింటికి ఇంకొకటి మార్చుకోవచ్చు, నేను డ్యూటీ మారేటప్పుడు మార్చేవాణ్ని. కాకపోతే దాని వెనకే మీరు స్వయంగా ఒక్క మాట రాయాలి, మనిషి ఉన్నాడని తెలియడానికి. మిగతా ప్రశ్నలు క్విక్ రిప్లైలుగా పెట్టుకుంటే / కొట్టగానే వచ్చేస్తాయి, వేళ్లు నొప్పి పుట్టవు.

ప్రశ్న వేశాక ఆగడం కూడా పనే. పైన ‘టైపింగ్’ అని కనపడుతుంటే చేతులు కట్టుకుని కూర్చోండి. నేను మొదట్లో ఆ జవాబు రాకముందే ‘ఏ ఊరికి?’, ‘ఏ సీటు?’ అని వరసగా కొట్టేవాణ్ని. చివరి ప్రశ్నకి మాత్రమే జవాబు వచ్చేది, నాకు కావలసిన మొదటిది అలాగే ఉండిపోయేది. డాక్టర్లూ ఇదే చేస్తారట. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు చేసిన పరిశీలనలో, రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డొచ్చాడని తేలింది. చదువుకున్న డాక్టర్లకే ఆగడం రాకపోతే రాత్రి తొమ్మిదింటికి మూడు ఫోన్ల మధ్య కూర్చున్న మనకి రాకపోవడంలో ఆశ్చర్యం లేదు గానీ, వరసగా కొట్టడం మాత్రం మానేయండి.

టైపింగ్ కూడా కనపడకుండా, రాత్రిపూట రెండు నిమిషాలు జవాబు రాకపోతే ఇక రాయకండి, ఫోన్ చేయండి. చాలాసార్లు వాళ్లు ఒక చేత్తో పిల్లవాణ్ని, ఇంకో చేత్తో సూట్‌కేసు పట్టుకుని ఉంటారు. ఎత్తగానే పేరు, ట్రావెల్స్ పేరు చెప్పి, మళ్లీ అదే ప్రశ్న వేయండి. జవాబు చెప్పేలోపే వెనక లారీ హారన్లు వినపడితే రోడ్డు మీదున్నారు, టీవీ వినపడితే ఇంట్లో ఉన్నారు.